మొదటి రోజు ప్రిన్సిపాల్ మాటల్లో మీ పిల్లలకు ఏం చేరుతుంది?



సెలవులు అయిపోవచ్చాయి. జూన్ రెండో వారంలో బడి తెరుస్తున్నాం. ఆ ఉదయం కొత్తగా చేరిన పిల్లలను ఎదురుగా కూర్చోబెట్టి ప్రిన్సిపాల్ స్వాగత ప్రసంగం చేయడం అన్ని బడుల్లోనూ ఉన్న ఆనవాయితీ. మన నందిగామ బ్రాంచిలోనూ ఉంది. మీలో చాలామంది షామియానా పక్కన నిలబడి ఆ మాటలు వింటారు. విన్నాక కొందరికి 'ఇంతేనా?' అనిపించవచ్చు. ఆ ప్రసంగం మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఎక్కువ భాగం తెలుగులో ఉంటుంది, అందులో ర్యాంకుల ఊసే ఉండదు. దాన్ని అలా ఎందుకు రాసుకున్నామో, అది పిల్లల చెవికి ఎక్కిందో లేదో ఆ సాయంత్రం మీరే ఎలా పోల్చుకోవచ్చో ఈ నెల చెబుతాను.

ముందు అక్కడ కూర్చునేది ఎవరో చూద్దాం. చందర్లపాడు వైపు నుంచి, వీరులపాడు, పెనుగంచిప్రోలు వైపు నుంచి బస్సెక్కే పిల్లలు ఇంట్లో ఏడింటికే సిద్ధమవుతారు. కంగారులో సగం ఇడ్లీ తిని వస్తారు. కొత్త బూట్లు కరుస్తుంటాయి. మృగశిర కార్తె వచ్చిందని పేరే గానీ మన మెట్ట ప్రాంతంలో ఆ రోజుల్లో తొమ్మిదింటికే ఎండ మాడుస్తుంది. ఆ స్థితిలో ఉన్న ఏడేళ్ళ పిల్లవాడి మనసులో తిరిగే ప్రశ్నలు చాలా చిన్నవి. అమ్మ ఎప్పుడొస్తుంది? ఒంటికి వస్తే ఎవరిని అడగాలి? ఈ సారు కొడతాడా? సాయంత్రం ఏ బస్సు ఎక్కాలి? వీటికి జవాబు దొరికేదాకా వాడి చెవిలోకి ఇంకో మాట వెళ్ళదు. మైకులో ఎంత గొప్ప సంగతి చెప్పినా వాడు వెనక్కి తిరిగి గేటు దగ్గర మీ చీర రంగు వెతుక్కుంటూ ఉంటాడు.

మన పెద్దలకు ఈ సంగతి తెలుసు. వీధిబడుల కాలంలో బడిలో వేయడం అంటే ప్రసంగం ఏమీ ఉండేది కాదు. తండ్రి పిల్లవాణ్ణి తీసుకొస్తే, పంతులుగారు వాడి చేయి పట్టుకుని పళ్ళెంలో పోసిన బియ్యం మీద 'ఓం నమః' దిద్దించేవారు. ఓనమాలు అన్న మాట అక్కడి నుంచే వచ్చింది. ఆ తర్వాత బడిలో ఉన్న పాత పిల్లలందరికీ పప్పుబెల్లాలు పంచేవారు. కొన్ని ఇళ్ళలో పలకలూ బలపాలూ కూడా పంచేవారు. ఇప్పటికీ బాసరకో, దగ్గర్లోని గుడికో వెళ్ళి అక్షరాభ్యాసం చేయిస్తున్నాం గానీ, ఆ పప్పుబెల్లాల సంగతి మాత్రం మరిచిపోయాం. నా లెక్కలో అసలు స్వాగతం అదే. పంతులుగారు చేయి పట్టుకోవడంతో పిల్లవాడికి పెద్దమనిషి స్పర్శ అలవాటయ్యేది. తన చేత్తో తీపి పంచడంతో బడిలో ముఖాలన్నీ ఒకసారి దగ్గరగా చూసేవాడు. ఎవరో ఒకరు వాడి పేరు అడిగేవారు.

ఇప్పుడు ప్రసంగం దగ్గరికి వస్తాను. బడుల్లో చేతులు మారుతూ వచ్చే స్వాగత ప్రసంగాలు సాధారణంగా ఇలా మొదలవుతాయి: 'ఉజ్జ్వల భవిష్యత్తుకు తొలి మెట్టుపై అడుగిడుతున్న చిన్నారులకు, వారి తల్లిదండ్రులకు, వేదికనలంకరించిన పెద్దలకు హృదయపూర్వక స్వాగతం.' ఆ వెంటనే సంస్థ చరిత్ర, కిందటేడు మార్కులు, ఐఐటీ ఫౌండేషన్, డిజిటల్ తరగతులు వస్తాయి. తర్వాత క్రమశిక్షణ: ఆలస్యంగా రాకూడదు, పరిగెత్తకూడదు, తెలుగులో మాట్లాడకూడదు, గోళ్ళు పెంచకూడదు. చివర్లో 'అర్థమైందా?' అని అడిగితే పిల్లలంతా 'ఎస్ సార్' అని ఒకే గొంతుతో అరుస్తారు. ఇరవై నిమిషాలు పడుతుంది.

ఇందులో అబద్ధమేమీ లేదు. ఇదంతా మీతో చెప్పాల్సిన మాట, పిల్లలతో చెప్పాల్సింది కాదు. దానికి తల్లిదండ్రుల సమావేశం ఉంది, ఈ పత్రిక ఉంది. ఆ ప్రసంగంలో పిల్లవాడి మనసుకు నిజంగా తగిలేది ఒక్కటే, అది 'కూడదు' అన్న మాట. ఏం కూడదో గుర్తుండదు, ఇక్కడ ఏదో కూడదన్న బెదురు మాత్రం మిగులుతుంది. దాని ఫలితం పదకొండింటికి కనిపిస్తుంది. చెయ్యెత్తి అడగొచ్చో లేదో తెలియక ఒకరు బెంచీ అంచున కాళ్ళు బిగించుకుని కూర్చుంటారు. ఇంకొకరు సీసా మూత తీయరు, తాగితే మళ్ళీ వెళ్ళాల్సి వస్తుందని. ఈ ఎండల్లో నీళ్ళు తాగకుండా, ఒంటికి ఆపుకుని సాయంత్రం దాకా కూర్చోవడం చిన్న సంగతి కాదు. అలవాటైతే మూత్రంలో మంట, ఇన్‌ఫెక్షన్, కడుపునొప్పి దాకా వెళ్తుంది. ఆడపిల్లల్లో ఇది మరీ ఎక్కువ. 'ఎస్ సార్' అన్న కేక అర్థమైందనడానికి గుర్తు కాదు. పక్కవాడు అరిచాడు కాబట్టి వీడూ అరిచాడు.

అందుకే ప్రసంగం రాసేటప్పుడు ఒక్కటే చూసుకున్నాం: ఈ వాక్యం విన్న పిల్లవాడు ఇవాళ సాయంత్రంలోపు దీంతో ఏదైనా చేయగలడా? చేయలేని వాక్యం కొట్టేశాం. నిదానంగా, మధ్యమధ్యలో ఆగుతూ చెబితే నిమిషానికి అరవై డెబ్బై మాటలకు మించవు. మూడు నిమిషాలంటే రెండు వందల మాటలే. మూడోతరగతి నుంచి ఐదోతరగతి దాకా కొత్తగా చేరుతున్న పిల్లలకు ఈ జూన్‌లో చెప్పబోయేది ఇదీ:

'పిల్లలూ, నమస్తే. నేను ఈ బడి ప్రిన్సిపాల్‌ని. ఆ మెట్ల పక్కన నీలం తలుపు కనిపిస్తోందా? అదే నా గది. ఆ తలుపు తీసే ఉంటుంది. మీరు ఎప్పుడైనా రావచ్చు.

ఇవాళ మీకు అన్నీ కొత్త. కొంచెం భయమేస్తుంది. ఏడుపొస్తే ఏడవండి, ఎవరూ తిట్టరు.

ఇటు చూడండి. చెయ్యెత్తి నిలబడ్డారే, ఆవిడ మన ఆయమ్మ. బాత్రూముల దగ్గర ఉంటారు. దాహమేసినా, ఒంటికి వచ్చినా, కడుపు నొప్పి వచ్చినా పాఠం మధ్యలోనే చెయ్యెత్తి చెప్పండి. ఆపుకోవద్దు. ఇంగ్లీషులో అడగడం వస్తే ఇంగ్లీషులో అడగండి. రాకపోతే తెలుగులో అడగండి. మీకు ఏ భాష వస్తే అందులో అడగండి.

ఈ బడిలో మిమ్మల్ని ఎవరూ కొట్టరు. ఎవరైనా కొట్టినా, భయపెట్టినా, మీకు ఇష్టం లేకుండా ముట్టుకున్నా మీ టీచర్‌కి చెప్పండి. నాకు చెప్పండి. ఇంటికెళ్ళి అమ్మకో నాన్నకో చెప్పండి. చెప్పినందుకు మిమ్మల్ని ఎవరూ ఏమీ అనరు.

సాయంత్రం గంట కొట్టాక గదిలోంచి బయటికి రావద్దు. మీ చేతికి రంగు పట్టీ కట్టాం. ఆ రంగు జెండా పట్టుకుని ఒక సార్ వస్తారు. ఆయన వెంటే బస్సు దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు లేచి మీ టీచర్ వెనక నడవండి. ముందు నీళ్ళ కుళాయి దగ్గరికి, తర్వాత బాత్రూముల దగ్గరికి, ఆ తర్వాతే క్లాసుకి.'

అంతే. ఇందులో మూడు చోట్ల కాస్త వివరం చెప్పాలి.

మొదటిది, కొట్టరు అన్న వాక్యం. దీన్ని ప్రసంగంలో పెట్టడం బాగుండదని, లేని భయం పుట్టించినట్టవుతుందని మా స్టాఫ్ మీటింగులో ఒక అభిప్రాయం వచ్చింది. నేను ఒప్పుకోలేదు. బడి అంటే బెత్తం అన్న మాట పిల్లలు ఇంట్లోనే విని వస్తారు. 'అల్లరి చేస్తే మీ సారుతో చెప్తా, తోలు వలుస్తారు' అని మనమే అంటాం కదా! 2009 విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను శారీరకంగా శిక్షించడాన్ని, మానసికంగా వేధించడాన్ని నిషేధించింది. చట్టం టీచర్లకు తెలుసు. పిల్లలకు ఆ మాట బడి పెద్ద నోటి నుంచి, అందరు టీచర్లూ నిలబడి వింటుండగా వినపడాలి. అప్పుడది టీచర్లనూ కట్టేస్తుంది. ముట్టుకోవడం గురించి కూడా అక్కడే చెబుతున్నాం, ఎక్కువ వివరాలు లేకుండా. వివరంగా క్లాస్ టీచర్ తర్వాత వారంలో చెబుతారు. పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు ప్రతి తరగతి గది తలుపు వెనక రాసి ఉంటుంది. మీరు కూడా ఇంట్లో ఒకసారి చెప్పి ఉంచండి.

రెండోది బస్సు. ఈ సూచన ప్రసంగంలో ఎందుకని అడగవచ్చు. మన బడి ముందు బస్సులన్నీ ఒకే రంగు, ఒకే బొమ్మ. 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కాక ఒక బస్సు జగ్గయ్యపేట వైపు తిరుగుతుంది, ఇంకొకటి కంచికచర్ల వైపు తిరుగుతుంది. రెండూ ఒకదానికొకటి పూర్తిగా ఎదురు దిక్కులు. కంచికచర్ల పిల్ల పొరపాటున జగ్గయ్యపేట బస్సెక్కితే ప్రతి నిమిషం ఇంటికి దూరమవుతూనే ఉంటుంది. చివరి స్టాపులో అందరూ దిగిపోయాక గానీ డ్రైవరు గమనించకపోవచ్చు. పిల్లలకు రూటు నంబరు చదవడం వచ్చినా మొదటి రోజు గందరగోళంలో గుర్తుండదు, రంగు గుర్తుంటుంది. పట్టీ లోపలి వైపు ఊరి పేరు, మీ ఫోన్ నంబరు రాస్తాం. బయటి వైపు పేరు రాయం. దారినపోయే మనిషి పేరు చదివి చనువుగా పిలిస్తే పిల్లవాడు తెలిసినవాళ్ళే అనుకుంటాడు.

మూడోది భాష. దీని మీద మీకు అభ్యంతరం ఉంటుందని తెలుసు. 'ఇంగ్లీషు మీడియం ఫీజు కట్టి చేర్పిస్తే ప్రిన్సిపాల్ మొదటి రోజే తెలుగులో మాట్లాడటమేమిటి?' న్యాయమైన ప్రశ్నే. నా సమాధానం ఇది. ఆ మూడు నిమిషాల్లో చెప్పేది పాఠం కాదు, జాగ్రత్తలు. విమానంలో సీటు బెల్టు సంగతి మీకు రాని భాషలో చెబితే మీ భాషాజ్ఞానం పెరగదు. మన పిల్లల్లో చాలామంది తెలుగు ఇళ్ళ నుంచి వస్తారు. నందిగామ పట్టణంలో ఉర్దూ మాట్లాడే ఇళ్ళున్నాయి. జగ్గయ్యపేట సిమెంటు ఫ్యాక్టరీల్లో పనికి వచ్చిన కుటుంబాల్లో హిందీ మాట్లాడేవారున్నారు. అందుకే 'మీకు ఏ భాష వస్తే అందులో' అన్న వాక్యం చేర్చాం. హిందీ, ఉర్దూ పిల్లల పక్కన ఆ భాష వచ్చిన టీచర్ కూర్చుని అవే మాటలు మెల్లగా చెబుతారు.

ఇక ఇంగ్లీషు. అది అదే రోజు మొదలవుతుంది, కాకపోతే ప్రసంగంతో కాదు. నీళ్ళ కుళాయి దగ్గర టీచర్ 'మే ఐ డ్రింక్ వాటర్' అని ఒకసారి అంటారు, పిల్లలు అని నీళ్ళు తాగుతారు. బాత్రూముల దగ్గర 'మే ఐ గో టు ద వాష్‌రూమ్'. క్లాసులో 'ప్లీజ్ హెల్ప్ మీ'. మొదటి రోజుకు ఈ మూడే. అవసరం పక్కనే మాట ఉంది కాబట్టి ఇవి నిలుస్తాయి. మొదటి రెండు వారాల్లో వీటిని తెలుగులో అడిగినా ఎవరూ సరిదిద్దకూడదని టీచర్లకు చెప్పాం. ముందు పంపించాలి, తిరిగొచ్చాక ఇంగ్లీషు వాక్యం అనిపించాలి. ఒంటికి వచ్చిన పిల్లవాణ్ణి నిలబెట్టి వాక్యం దిద్దించడం పాఠం చెప్పడం కాదు.

నర్సరీ, ఎల్‌కేజీ పిల్లలను ఈ ప్రసంగానికి కూర్చోబెట్టడం లేదు. మూడేళ్ళ బిడ్డకు మైకు గొంతు భయం తప్ప మరేమీ ఇవ్వదు. వాళ్ళకు ఆయమ్మ చేయి, ఒక మూలన ఇసుక, నీళ్ళ తొట్టి, మధ్యాహ్నానికల్లా ఇల్లు. గేటు దగ్గర చెప్పకుండా జారుకోకండి. 'వెళ్తున్నాను, అన్నం తిన్నాక వస్తాను' అని చెప్పి, బిడ్డ ఏడుస్తున్నా ఒక్కసారే వెళ్ళండి. చెప్పకుండా మాయమైతే మర్నాటి నుంచి మీ కొంగు వదలరు.

ఆరు నుంచి తొమ్మిది దాకా చేరేవాళ్ళతో వేరేగా, ఒక తరగతి గదిలో మాట్లాడతాను. వాళ్ళకు బాత్రూము ఎక్కడన్నది సమస్య కాదు. చిన్న ఊరి నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లవాడి భయం ఒకటే: 'వీళ్ళందరికీ వచ్చు, నాకు రాదు.' తన బడిలో ఫస్ట్ వచ్చినవాడే ఇక్కడ మొదటి వారంలో నోరు విప్పడు. ప్రసంగంలో 'మీలో దాగిన ప్రతిభ' అంటే ఆ భయం పోదు. వాళ్ళకు పనికొచ్చేవి వివరాలు. మొదటి నెల లెక్కలు, సైన్సు పాఠాల్లో కొత్త పదాలు రెండు భాషల్లోనూ బోర్డు మీద రాస్తారని, మొదటి స్లిప్ టెస్టు మార్కులు బయట అంటించరని, సందేహం నోటితో అడగలేకపోతే నోట్సు చివరి పేజీలో తెలుగులో రాసి ఇవ్వవచ్చని చెబుతాను. భిన్నం అంటే ఫ్రాక్షన్, లంబకోణం అంటే రైట్ యాంగిల్ అని తెలిసిన క్షణంలో చాలామంది ముఖాలు విప్పారతాయి. లెక్క వాళ్ళకు ముందే వచ్చు, పేరే తెలియదు.

ప్రసంగం చేరిందో లేదో మేం ఆ రోజు పదకొండింటికి చూస్తాం. క్లాస్ టీచర్ 'అర్థమైందా' అని అడగరు. ఒక్కొక్కరినీ పిలిచి 'ఆయమ్మ ఎక్కడుంటారో చూపించు', 'నీ బస్సు జెండా రంగేమిటి', 'ఎవరైనా నిన్ను కొడితే ఎవరికి చెప్తావు' అని అడుగుతారు. చూపించలేని పిల్లలను చేయి పట్టుకుని మళ్ళీ తీసుకెళ్తారు. మీరు సాయంత్రం ఇంట్లో చూడాల్సినవి వేరు. నీళ్ళ సీసా చేతిలోకి తీసుకోండి. పంపినంత బరువుగానే ఉంటే పిల్లవాడు తాగలేదు. బస్సు దిగగానే బ్యాగు పడేసి బాత్రూముకు పరుగెత్తితే రోజంతా ఆపుకున్నాడు. క్యారేజీలో అన్నం అలాగే ఉంటే వెంటనే కోప్పడకండి, మూత తీయడం రాక కూడా అలా జరుగుతుంది. ఈ మూడింటిలో ఏది కనిపించినా ఆ రాత్రే డైరీలో ఒక వాక్యం రాయండి. రెండు మూడు రోజులు వరసగా అలాగే ఉంటే మాత్రం నేరుగా వచ్చి నన్ను కలవండి.

'ఇవాళ ఏం నేర్చుకున్నావు?' అని ఆ సాయంత్రం అడగవద్దని నా మనవి. దానికి వాళ్ళ దగ్గర జవాబు ఉండదు. 'నీ పక్కన ఎవరు కూర్చున్నారు?' అని అడిగి ఊరుకోండి. కథ దానంతటదే వస్తుంది.

జపాన్‌లో 1937లో తొమోయె అని ఒక చిన్న బడి మొదలైంది. పాత రైలు పెట్టెలే అక్కడ తరగతి గదులు. ఆ బడిలో చదివిన తెత్సుకో కురొయనాగి పెద్దయ్యాక రాసిన తొత్తొచాన్ పుస్తకం తెలుగులో 'రైలుబడి'గా వచ్చింది. అల్లరి భరించలేక పాత బడి వాళ్ళు పంపేసిన పిల్ల తను. కొత్త బడి హెడ్మాస్టరు సొసాకు కొబయాషి మొదటి రోజు ఆమెకు ప్రసంగమేమీ చేయలేదు. తల్లిని ఇంటికి పంపి, కుర్చీ దగ్గరికి లాక్కుని, నీకు చెప్పాలనిపించిందంతా చెప్పమన్నాడు. ఆ పిల్ల దాదాపు నాలుగు గంటలు మాట్లాడింది, ఆయన ఆవులించకుండా విన్నాడు. ఆ బడిలో పిల్లలు యాభై మంది దాకానే. మన బ్రాంచిలో ఒక్కో సెక్షనులోనే నలభై మంది ఉంటారు. నాలుగు గంటలు నా వల్ల కాదు. అందుకే మొదటి వారం రోజూ చివరి పీరియడ్ పాఠం తీసేశాం. ఆ పీరియడ్‌లో క్లాస్ టీచర్ కొత్త పిల్లలను ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని నాలుగైదు నిమిషాలు వింటారు. మిగతావాళ్ళు బొమ్మలు వేసుకుంటారు. సిలబస్ వెనకబడుతుందన్న కంగారు అక్కర్లేదు, జులై రెండో శనివారం ఆ పీరియడ్లు సర్దుతాం.

పాత పిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మొదటి రోజు మీ పిల్లల జేబులో నాలుగు వేరుశనగ చిక్కీలో, బెల్లం ముక్కలో పెట్టి పంపండి. చాక్లెట్లు వద్దు, ఈ ఎండకు కరిగి యూనిఫాం పాడవుతుంది. పల్లీలు పడని పిల్లలు ఉంటే డైరీలో ముందే రాయండి. మధ్యాహ్నం అన్నం బెల్లు తర్వాత పాత పిల్లలు ఒక్కొక్కరు ఒక కొత్త పిల్లవాడి పక్కన కూర్చుంటారు. పేరు అడిగి, తీపి పంచుకుని, ఆటస్థలం చూపించి తీసుకొస్తారు.

కొత్త పిల్లల తల్లిదండ్రులు బస్సు ఎక్కే స్టాపు పేరు, సాయంత్రం దింపుకునే మనిషి పేరు, ఫోన్ నంబరు బడి తెరవడానికి రెండు రోజుల ముందే ఆఫీసులో ఇవ్వాలి. పట్టీలు వాటిని బట్టే రాస్తాం. సీసా మూత, క్యారేజీ మూత పిల్లల చేత ఇంట్లోనే పదిసార్లు తీయించి చూడండి. బూట్లు వారం ముందు నుంచే రోజూ కాసేపు తొడగండి. ప్రసంగం తొమ్మిదింపావుకు నీలం తలుపు ముందున్న షెడ్డులో ఉంటుంది. వినాలనుకునేవారు వెనక వరుసలో నిలబడవచ్చు, పిల్లలు మాత్రం మీ వైపు వీపు పెట్టి కూర్చుంటారు.

ఇట్లు,
ప్రిన్సిపాల్, నందిగామ బ్రాంచి